నోటిఫికేషన్‌లో ఉండేది ఒక్క చివరి తేదీ కాదు

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో కూర్చున్న వాళ్ళలో చాలామంది ఎం.ఏ., ఎం.ఫిల్., పీహెచ్‌డీ అంటూ ఏడెనిమిదేళ్ళుగా విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. ఒకపక్క థీసిస్ రాస్తూనే ఇంకోపక్క సివిల్స్‌కో, గ్రూప్స్‌కో, ఎస్‌ఎస్‌సీకో, నెట్‌కో దరఖాస్తు చేస్తున్నారు. ఎలా చదవాలో చెప్పడానికి నేను రాలేదు. ఆ సంగతి చెప్పేవాళ్ళు అశోక్‌నగర్‌లో గల్లీకి ఒకరున్నారు. పరీక్ష దాకా వెళ్ళకముందే, లేదా పరీక్షలన్నీ పాసయ్యాక ధ్రువపత్రాల పరిశీలనలో, ఒక్క తేదీ వల్ల మనవాళ్ళు ఎలా బయటికి పోతున్నారో మాత్రమే మాట్లాడతాను.

నోటిఫికేషన్ వచ్చిందనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఒకే ఒక్క తేదీ. 'లాస్ట్ డేట్ ఫలానా.' ఆ లోపు ఫారం నింపేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ ఏ నోటిఫికేషన్‌నైనా నెమ్మదిగా చదివితే అందులో కనీసం నాలుగు తేదీలు కనిపిస్తాయి. దరఖాస్తుకు గడువు ఒకటి. వయసును ఏ రోజు నాటికి లెక్కిస్తారన్నది రెండోది. విద్యార్హత ఏ రోజుకు చేతిలో ఉండాలన్నది మూడోది. కుల ధ్రువపత్రమో, నాన్ క్రీమీ లేయర్ పత్రమో ఏ తేదీల మధ్య జారీ అయి ఉండాలన్నది నాలుగోది. ఈ నాలుగూ ఒకటి కావు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా కూడా ఉండవు. ఒక్కోసారి వయసు లెక్కించే రోజు దరఖాస్తు గడువు ముగిసిన ఐదు నెలల తర్వాత వస్తుంది. పత్రం తెచ్చుకోవాల్సిన సమయమేమో నోటిఫికేషన్‌కు ఎన్నో నెలల ముందే మొదలై ఉంటుంది.

అసలు కేసులోకి వెళ్దాం. 2024 సివిల్ సర్వీసెస్ పరీక్ష తీసుకుంటాను. ఆ ఏడాది తేదీలన్నీ బహిరంగంగానే ఉన్నాయి, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

యూపీఎస్సీ 2024 ఫిబ్రవరి 14న నోటిఫికేషన్ ఇచ్చింది. దరఖాస్తుకు మార్చి 5 సాయంత్రం 6 గంటల వరకు గడువు పెట్టి, తర్వాత ఒక్క రోజు పొడిగించి మార్చి 6 చేసింది. అంటే మూడు వారాలు. వయసు మాత్రం ఆగస్టు 1, 2024 నాటికి చూస్తారు. ఆ రోజుకు 21 నిండాలి, 32 నిండకూడదు. నోటిఫికేషన్ దీన్ని పుట్టిన తేదీలుగా మార్చి చెబుతుంది: 1992 ఆగస్టు 2 కంటే ముందు, 2003 ఆగస్టు 1 తర్వాత పుట్టి ఉండకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ళు, ఓబీసీలకు మూడేళ్ళు సడలింపు. కాబట్టి ఎస్సీ, ఎస్టీ అభ్యర్థికి 1987 ఆగస్టు 2, ఓబీసీ అభ్యర్థికి 1989 ఆగస్టు 2 హద్దు. వయసు ఎప్పుడూ ఇలా పుట్టిన తేదీల్లోనే చూసుకోండి. 'నాకు ముప్ఫై రెండు నడుస్తోంది' అనే లెక్క మన ఇళ్ళలో పనికొస్తుంది గాని ఇక్కడ పనికిరాదు. నడుస్తున్న ఏడు వేరు, నిండిన ఏడు వేరు.

ఇప్పుడు ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. వరంగల్ జిల్లాలోని ఒక మండలం నుంచి వచ్చి ఢిల్లీలో పీహెచ్‌డీ చేస్తున్న బీసీ విద్యార్థి. పుట్టింది 1990 జూలై 10. కులం రాష్ట్ర బీసీ జాబితాలోనూ, కేంద్ర ఓబీసీ జాబితాలోనూ ఉంది. 2024 ఆగస్టు 1 నాటికి అతనికి 34 ఏళ్ళు నిండి 22 రోజులు. ఓబీసీ సడలింపుతో 35 నిండకపోతే చాలు కాబట్టి అర్హుడే. మరి 2025లో? ఆ ఏడాది ఆగస్టు 1 నాటికి 35 నిండిపోతాయి, అర్హత లేదు. 22 రోజుల తేడాతో ఒక ఏడాది పోయింది. అంటే 2024 అతనికి చివరి ప్రయత్నం. ఈ సంగతి అతనికి ఏ నోటిఫికేషనూ చెప్పదు. తన పుట్టిన తేదీ పక్కన ఆగస్టు 1 రాసుకుని తనే తెలుసుకోవాలి.

ఈ విద్యార్థి దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకటి ఎప్పుడో ఇంటర్ చదివేటప్పుడు తీసుకున్న బీసీ కుల ధ్రువపత్రం. రెండోది విశ్వవిద్యాలయంలో ప్రవేశం కోసం 2022 డిసెంబరులో తహసీల్దారు ఇచ్చిన కేంద్ర ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం. 'పత్రం ఉందిగా' అని ఫారంలో ఓబీసీ అని నింపేస్తాడు. ఫారం స్వీకరిస్తుంది, రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది, హాల్ టికెట్ వస్తుంది. ఎక్కడా ఎర్రజెండా ఎగరదు.

కానీ 2024 పరీక్షకు నియమం ఏమంటుందంటే, ఓబీసీ పత్రం 2022-23, 2021-22, 2020-21 ఆర్థిక సంవత్సరాల ఆదాయం ఆధారంగా ఇచ్చినదై ఉండాలి. 2022-23 ముగిశాక, అంటే 2023 ఏప్రిల్ 1న గాని ఆ తర్వాత గాని జారీ అయి ఉండాలి. దరఖాస్తు గడువు ముగిసే రోజు దాటకూడదు. అతని పత్రం 2022 డిసెంబరుది. అప్పటికి 2022-23 ఇంకా ముగియలేదు. కాబట్టి అది ఈ పరీక్షకు చెల్లదు. పోనీ ప్రిలిమ్స్ పాసయ్యాక ఊరికెళ్ళి కొత్తది తెచ్చుకుంటాడా? దానిమీద జారీ తేదీ 2024 జూలై అని ఉంటుంది. అదీ చెల్లదు. గడువు మార్చి 6తోనే అయిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చెల్లే పత్రానికి ఉన్న సమయం 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 6 వరకు, పదకొండు నెలల పైచిలుకు. నోటిఫికేషన్ వెలువడింది అందులో చివరి మూడు వారాల్లో. నోటిఫికేషన్ చూశాక కదిలినవాడికి మిగిలేది ఆ మూడు వారాలే. ఢిల్లీ నుంచి ఊరికి రైలు టికెట్ దొరకాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాలి. నాన్నగారి ఆదాయం కాగితాలు జతచేయాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకు రావాలి, తహసీల్దారు సంతకం కావాలి. మధ్యలో ఆయన సెలవు పెడితే, లేదా మండలంలో ఏదో సర్వే నడుస్తుంటే ఫైలు కదలదు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఈ తిరుగుడు సచివాలయం దగ్గర మొదలవుతుంది, అంతే తేడా. నాన్న కలెక్టరాఫీసులో పనిచేసే ఇంట్లో ఈ కాగితం ఒక్క ఫోన్‌తో వస్తుంది. మొదటి తరం విద్యార్థికి అది మూడు వారాల పని. కాబట్టి దాన్ని నోటిఫికేషన్ వచ్చే ఫిబ్రవరిలో మొదలుపెట్టకూడదు. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మారాక వేసవి సెలవులకు ఊరెళ్ళినప్పుడే చేయించుకుని రావాలి. ఏటా చేయించుకోవాలి, ఆ ఏడాది ఏ పరీక్షా రాయడం లేదనుకున్నా సరే.

'ఓబీసీ అని ఒప్పుకోకపోతే జనరల్‌లో చూస్తారుగా' అని ఒక మిత్రుడు అన్నాడు. మన విద్యార్థి విషయంలో అదీ కుదరదు. అతను 1990లో పుట్టాడు, జనరల్ హద్దు 1992 ఆగస్టు 2. పత్రం పోతే రిజర్వేషన్‌తో పాటు వయసు సడలింపు కూడా పోతుంది. అంటే అతను మొత్తంగా అనర్హుడు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అన్నీ దాటినా ఇదే జరుగుతుంది.

కోర్టుకు వెళ్తే? రెండు రకాల తీర్పులున్నాయి, రెండూ తెలుసుకోవాలి. 2016లో రామ్‌కుమార్ గిజ్రోయా కేసులో సుప్రీంకోర్టు అభ్యర్థి పక్షాన నిలిచింది. గడువు తర్వాత ఓబీసీ పత్రం ఇచ్చాడన్న ఒక్క కారణంతో ఎంపిక నుంచి తీసేయడం సరికాదంది. పుట్టుకతో వచ్చిన హోదాను పత్రం ధ్రువీకరిస్తుందే గాని సృష్టించదన్నది ఆ వాదనలోని సారం. మన న్యాయవాద మిత్రులు ఈ తీర్పునే ధైర్యంగా చెబుతారు. కానీ 2023 అక్టోబరులో దివ్య వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసు వచ్చింది. 2022 సివిల్స్ రాసిన ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులు నిర్దేశించిన పత్రాన్ని నిర్దేశించిన తేదీలోగా పొందలేదని యూపీఎస్సీ తిరస్కరిస్తే, సుప్రీంకోర్టు ఆ తిరస్కరణను సమర్థించింది. 2025లో మోహిత్‌కుమార్ కేసులో ఇంకో సంగతి తేలింది. ఉత్తరప్రదేశ్ పోలీసు నియామకాల్లో రాష్ట్ర నమూనాలో ఓబీసీ పత్రం అడిగితే అభ్యర్థి కేంద్ర ఉద్యోగాల నమూనాలో ఇచ్చాడు. కులం అదే, ఇచ్చిన అధికారం ఉన్నదే. అయినా నోటిఫికేషన్ అడిగిన నమూనాలో లేదు కాబట్టి కుదరదంది కోర్టు. నా అంచనా ఏమిటంటే, గిజ్రోయా తీర్పును నమ్ముకుని ఇవాళ ఎవరూ దరఖాస్తు చేయకూడదు. అది ప్రమాదం జరిగాక వాడుకునే వాదన మాత్రమే.

మన రాష్ట్రాల్లో మోహిత్‌కుమార్ కేసు తలకిందులుగా జరుగుతుంటుంది. బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అని గ్రూపు రాసి ఉన్న రాష్ట్ర పత్రాన్ని కేంద్ర ఉద్యోగానికి పెడతారు. కేంద్రంలో ఆ గ్రూపులు లేవు. అక్కడ ఉన్నది కేంద్ర ఓబీసీ జాబితా, దానికి వేరే నమూనా. నోటిఫికేషన్ చివర అనుబంధంలో ఆ నమూనా ఇస్తారు. ఆ పేజీని ప్రింటు తీసి మండలాఫీసుకు పట్టుకెళ్ళడం ఉత్తమం. ఆఫీసులో 'ఇదే అదీ ఒకటే' అంటారు. ఒకటి కాదు.

పరీక్ష వాయిదా పడితే ఈ తేదీలు జరుగుతాయా? 2024లోనే దీనికీ జవాబుంది. ప్రిలిమ్స్ మొదట మే 26న పెట్టారు. లోక్‌సభ ఎన్నికల వల్ల జూన్ 16కు జరిపారు. వయసు లెక్కించే తేదీ ఆగస్టు 1 దగ్గరే ఉంది. పత్రం గడువు మార్చి 6 దగ్గరే ఉంది. జరిగింది పరీక్ష రోజు ఒక్కటే. వాయిదా వార్త వినగానే అన్నిటికీ సమయం దొరికిందనుకోవద్దు.

ఇక్కడిదాకా ఓబీసీ గురించి మాట్లాడాను. ఎస్సీ, ఎస్టీ మిత్రులు 'మన పత్రానికి గడువు ఉండదుగా' అనుకుంటూ ఉంటారు. నిజమే, ఆదాయంతో సంబంధం లేదు కాబట్టి ఏటా మార్చాల్సిన పనిలేదు. కానీ మనకు రెండు వేరే చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది రాష్ట్రం. రాజ్యాంగంలోని 341వ అధికరణం షెడ్యూల్డు కులాలను రాష్ట్రం వారీగా ప్రకటిస్తుంది. ఒక రాష్ట్రంలో ఎస్సీ అయినవాడు ఇంకో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి అక్కడి ఎస్సీగా పరిగణన పొందడు. దీన్ని స్థిరపరచిన 1990 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒక తెలుగు కుర్రాడి కేసే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయికి వెళ్ళిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రలో షెడ్యూల్డు తెగ హోదా ఉన్నవాడు. మహారాష్ట్రలో వైద్య సీటుకు ఆ హోదా చెల్లదన్నారు. 2018లో బీర్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్ర ఉద్యోగాల విషయంలో అదే సూత్రాన్ని నిలబెట్టింది. 2014 తర్వాత మనకు ఇది ఇంటి సమస్య అయింది. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో పదేళ్ళుగా చదువుతున్న మాల, మాదిగ విద్యార్థి తెలంగాణ కమిషన్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ఎస్సీ రిజర్వేషన్ గాని, దానితో వచ్చే వయసు సడలింపు గాని వర్తించవు. యూపీఎస్సీ, ఎస్‌ఎస్‌సీ వంటి కేంద్ర నియామకాలకు మాత్రం ఆ పత్రం దేశమంతటా చెల్లుతుంది. కాబట్టి తన వయసు హద్దును అతను రెండు రకాలుగా లెక్కేసుకోవాలి.

దీనికి 2025లో ఇంకొకటి తోడైంది. ఎస్సీ వర్గీకరణ చట్టం తెలంగాణలో ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా అదే నెలలో ఆర్డినెన్సు తెచ్చింది. రెండుచోట్లా మూడేసి గ్రూపులు. వర్గీకరణ మీద ఈ హాల్లోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇవాళ్టిది కాదు. ఆచరణలో మాత్రం పాత ఎస్సీ పత్రం మీద గ్రూపు ఉండదు. ఆ తర్వాతి రాష్ట్ర నోటిఫికేషన్లలో గ్రూపు అడుగుతున్నారేమో, ఏ నమూనాలో అడుగుతున్నారో చూడండి. కేంద్ర పరీక్షల్లో ఈ గ్రూపులు లేవు.

రెండోది నాకు ముఖ్యమైనది, మన సమావేశాల్లో తక్కువగా మాట్లాడుకునేది. కేంద్ర సిబ్బంది శిక్షణ శాఖ 1998 జూలై 1న ఒక ఆఫీస్ మెమోరాండం ఇచ్చింది. వయసులోగాని, అనుభవంలోగాని, విద్యార్హతలోగాని, పరీక్ష రాసే అవకాశాల సంఖ్యలోగాని సడలింపు వాడుకున్న ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థిని అన్‌రిజర్వుడు ఖాళీలో చూపకూడదు, రిజర్వుడు ఖాళీలోనే లెక్కించాలి అన్నది దాని సారాంశం. 2017లో దీప ఇ.వి. కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అంతకుముందు 2010లో జితేంద్రకుమార్ సింగ్ కేసులో వయసు, ఫీజు రాయితీ వాడుకున్నా ఓపెన్‌లో లెక్కించవచ్చన్నారు గాని, అది ఉత్తరప్రదేశ్ చట్టాన్ని బట్టి ఇచ్చిన తీర్పు.

దీని అర్థం ఏమిటి? ఇద్దరు ఎస్సీ అభ్యర్థులకూ జనరల్ కటాఫ్ దాటే మార్కులు వచ్చాయనుకోండి. ఒకరికి 31 ఏళ్ళు, ఇది నాలుగో ప్రయత్నం, ప్రిలిమ్స్ నుంచి చివరిదాకా ప్రతి దశలోనూ జనరల్ కటాఫే దాటారు. ఆమెది ఓపెన్ పోస్టు. ఎస్సీ పోస్టు ఇంకొకరికి మిగులుతుంది. రెండోవారికి 33 ఏళ్ళు. మార్కులు అంతే వచ్చినా ఆయన్ని ఎస్సీ కోటాలోనే కలుపుతారు. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. జనరల్ అభ్యర్థికి సివిల్స్ అవకాశాలు ఆరు, ఓబీసీకి తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు వయసు ఉన్నంతకాలం. 30 ఏళ్ళ ఎస్సీ అభ్యర్థి ఏడోసారి రాస్తే వయసులో సడలింపు వాడుకోకపోయినా అవకాశాల్లో వాడుకున్నట్టే. హడావుడిగా, చదవకుండా, 'ఊరికే ఓసారి చూద్దాం' అని డిగ్రీ చివరి ఏడాది నుంచే రాసిన ప్రయత్నాలన్నీ ఈ ఆరులోకి వస్తాయి. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకు కూర్చున్నా ప్రయత్నం కింద లెక్క. దరఖాస్తు చేసి పరీక్షకు వెళ్ళకపోతే లెక్క కాదు. 'ఎస్సీలకు లిమిట్ లేదు' అని సీనియర్లు ఇచ్చే సలహా సగమే నిజం. నియమం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. నా దృష్టిలో అది ఓపెన్ పోస్టుల్ని మెల్లగా కొందరికే కేటాయించే నియమం. కానీ అమల్లో ఉన్నంతకాలం మన లెక్క మనం వేసుకోవాలి.

విద్యార్హత తేదీ గురించి కొద్దిగానే చెబుతాను. నోటిఫికేషన్ వేరే తేదీ చెప్పకపోతే దరఖాస్తు గడువు ముగిసే రోజుకే అర్హత ఉండాలని 1993లో రేఖా చతుర్వేది కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత అశోక్‌కుమార్ శర్మ కేసులో కూడా అదే మాట. కానీ సంస్థలు తమ తేదీ తాము పెట్టుకోవచ్చు, పెట్టుకుంటాయి. సివిల్స్‌లో చివరి ఏడాది విద్యార్థి ప్రిలిమ్స్ రాయవచ్చు, పాసైన రుజువు మెయిన్స్ దరఖాస్తు నాటికి చూపాలి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ 2024లో దరఖాస్తు గడువు జూలైలో ముగిసింది, వయసూ డిగ్రీ రెండూ ఆగస్టు 1 నాటికి చూశారు. ఫలితం ఆగస్టు 2న వస్తే అనర్హత. యూజీసీ నెట్‌లో పీజీ చివరి ఏడాది వాళ్ళు రాయవచ్చు గాని, నెట్ ఫలితం వచ్చిన రెండేళ్ళలోగా పీజీ పూర్తిచేయాలి. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30, పరీక్ష జరిగే నెల మొదటి తేదీ నాటికి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, మహిళలకు, వికలాంగులకు, థర్డ్ జెండర్ అభ్యర్థులకు ఐదేళ్ళ సడలింపు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు పరిమితే లేదు. విశ్వవిద్యాలయాల పరీక్షా విభాగాలు ఫలితాలు ఎప్పుడిస్తాయో మనకు తెలిసిందే. అందుకే ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీతో పాటు ఫలితం ప్రకటించిన రోజును చూపే కాగితాన్ని కూడా దాచుకోండి.

కేంద్ర పరీక్షలకున్న ఒక సుగుణం వాటి చక్రం. యూపీఎస్సీ వచ్చే ఏడాది క్యాలెండరును ఈ ఏడాదే ప్రకటిస్తుంది, చాలావరకు దానికి కట్టుబడుతుంది. రాష్ట్ర కమిషన్ల దగ్గర ఆ ధీమా పెట్టుకోలేం. తెలంగాణ గ్రూప్-1 చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకు బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ పెట్టారు. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే ఉపసంహరించి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ప్రిలిమ్స్ జూన్ 9న, మెయిన్స్ అక్టోబరులో జరిగాయి. మొదటి నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసినవాళ్ళు రెండోదానికి మళ్ళీ దరఖాస్తు చేయాల్సి వచ్చింది. 'నేను ఆల్రెడీ అప్లై చేశా' అనుకుంటే అంతే సంగతులు.

వయసు సంగతి చూడండి. 2022లో గరిష్ఠ వయసు 44, ఆ ఏడాది జూలై 1 నాటికి. 2024లో 46, ఆ ఏడాది జూలై 1 నాటికి. మొదటిసారి 43 ఏళ్ళున్న వ్యక్తికి రెండోసారి 45. పరిమితి పెంచారు కాబట్టి నిలబడ్డాడు. పెంచకపోతే తన తప్పేమీ లేకుండానే పోయేవాడు. ఈ పెంపు ప్రభుత్వం ఉత్తర్వుతో, నిర్ణీత కాలానికి ఇచ్చేది. శాశ్వత నియమం కాదు. కాబట్టి రాష్ట్ర పరీక్షల్లో మీ చివరి ఏడాదిని పెంచిన పరిమితి మీద లెక్కించకండి, పెంపు లేనప్పటి హద్దునూ పక్కన రాసుకోండి. తేదీ కూడా గమనించండి. యూపీఎస్సీకి ఆగస్టు 1, ఇక్కడ జూలై 1. జూలైలో పుట్టినవాళ్ళకు ఈ నెల తేడా ఒక ఏడాదిని ఇవ్వగలదు, తీసుకోగలదు.

ఇంతకీ గుర్తుపెట్టుకోవడం ఎలా? ఒక నోటుబుక్కు చాలు. స్ప్రెడ్‌షీట్ అయితే ఇంకా సులువు. పరీక్షకు ఒక వరస. నోటిఫికేషన్ నంబరు, దరఖాస్తు గడువు గంటతో సహా, వయసు లెక్కించే తేదీ, అర్హత తేదీ, పత్రం చెల్లే తేదీల మధ్యకాలం, ఇది నా ఎన్నో ప్రయత్నం. గంట ఎందుకంటే, 2024 సివిల్స్‌లో సాయంత్రం 6కు ముగిసింది, సీజీఎల్‌లో రాత్రి 11కు. అర్ధరాత్రి దాకా ఉంటుందనుకున్నవాళ్ళకు రెండూ దొరకవు. వయసుకు ఈ సూత్రం పెట్టుకోండి. మొదటి గడిలో పుట్టిన తేదీ, రెండో గడిలో వయసు లెక్కించే తేదీ:

```
=DATEDIF(A2,B2,"Y")
```

ఇది నిండిన ఏళ్ళను చూపిస్తుంది. మన 1990 జూలై 10 విద్యార్థికి 2024 ఆగస్టు 1 పెడితే 34, 2025 ఆగస్టు 1 పెడితే 35 వస్తుంది. '35 నిండకూడదు' అన్నచోట 35 కనిపిస్తే తలుపు మూసినట్టే. రెండో గడిలో వరసగా వచ్చే ఐదేళ్ళ తేదీలు పెట్టి, ఒకసారి జనరల్ హద్దుతో, ఒకసారి మీ కేటగిరీ హద్దుతో పోల్చండి. సడలింపు అవసరం లేని చివరి ఏడాది ఏదో, సడలింపుతో చివరి ఏడాది ఏదో రెండూ తెలుస్తాయి. నేను ఇందాక చెప్పిన 1998 మెమోరాండం ఉపయోగం అక్కడ కనిపిస్తుంది.

సమాచారం కోసం upsc.gov.in, ssc.gov.in, రెండు రాష్ట్రాల కమిషన్ల సైట్లు వారానికి ఒకసారి చూస్తే సరిపోతుంది. దానికో రోజు పెట్టుకోండి. కేంద్ర సంస్థల చిన్న చిన్న ప్రకటనలకు ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ఇప్పటికీ నమ్మదగ్గది, మన లైబ్రరీకి వస్తుంది, ఎవరూ ముట్టుకోరు. టెలిగ్రామ్ ఛానెళ్ళు కబురు అందడానికి పనికొస్తాయి. తేదీలు మాత్రం నోటిఫికేషన్ పీడీఎఫ్‌లోంచే రాసుకోవాలి. ఆ పీడీఎఫ్‌ను డౌన్‌లోడ్ చేసి దాచండి, తర్వాత వచ్చే సవరణ ప్రకటనల్ని కూడా దానితోనే ఉంచండి. వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకుంటే దరఖాస్తు చేసినట్టు కాదని జూనియర్లకు చెప్పండి. ఆ రెండూ వేరని తెలియక ఊరుకున్నవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఈ పని ఒక్కొక్కరూ విడివిడిగా చేయనక్కర్లేదు. హాస్టల్‌లో ఒక షీటు పెట్టి నలుగురు పంచుకోండి. ఒకరు యూపీఎస్సీ, ఒకరు ఎస్‌ఎస్‌సీ, ఒకరు రాష్ట్రాలు, ఒకరు విశ్వవిద్యాలయాల ఫ్యాకల్టీ ప్రకటనలు. పుట్టిన తేదీ, ప్రయత్నాల లెక్క మాత్రం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంచుకోండి. ఓబీసీ మిత్రులు ఇవాళే గదికెళ్ళి తమ పత్రం మీద జారీ తేదీ, ఏ ఆర్థిక సంవత్సరాల ఆదాయం రాశారో చూసుకోండి. రాష్ట్రం మారినవాళ్ళ సందేహాలు ఒక్కో కేసుకు ఒక్కోలా ఉంటాయి, అవి ఇప్పుడు అడగండి. పత్రాలు తెచ్చినవాళ్ళు ముందుకు రండి, కలిసి చదువుదాం.